లిటరేచర్ రివ్యూ: పేజీలు తగ్గితే పరిశోధన తగ్గినట్టేనా?

అపోహ: థీసిస్‌లో లిటరేచర్ రివ్యూ అధ్యాయాన్ని మూడో వంతు తగ్గించాలంటే మూడో వంతు అధ్యయనాలను వదులుకోవాలి.

వాస్తవం: ఒక్కటి కూడా వదలనక్కరలేదు. పేజీలను నింపేది సారాంశాల్లో మళ్లీ మళ్లీ వచ్చే సంగతులే. మైక్రోఫైనాన్స్ మీద థీసిస్ రాస్తున్నారనుకుందాం. 2015 జనవరిలో ఒక అమెరికన్ ఆర్థికశాస్త్ర పత్రిక ఆరు అధ్యయనాలను కలిపి ప్రచురించింది. హైదరాబాద్, బోస్నియా, ఇథియోపియా, మెక్సికో, మంగోలియా, మొరాకోల్లో జరిగినవి అవి. చిన్న రుణం అందుబాటులోకి వస్తే పేద కుటుంబం బతుకు మారుతుందా అన్నదే అన్నిటి ప్రశ్న. రుణం ఎవరికి అందాలో లాటరీ తరహాలో తేల్చడమే అన్నిటి పద్ధతి. ఒక్కోదానికి పేజీ కేటాయిస్తే ఆ ప్రశ్న, ఆ పద్ధతి, పేదరికం గట్టిగా తగ్గిన ఆధారం లేదన్న ముగింపు ఆరేసిసార్లు వస్తాయి. ప్రతి పేరా ఎవరో ఒక పరిశోధకుడి పేరుతో మొదలవుతోందంటే ఈ జబ్బు ఉన్నట్టే.

ముందు ఒక పట్టిక గీయండి. అడ్డ వరుసల్లో అధ్యయనాలు, నిలువు వరుసల్లో ప్రశ్నలు: రుణం గ్రూపుకా వ్యక్తికా, లాటరీ బస్తీల మధ్యా మనుషుల మధ్యా, ఎన్నాళ్ల తర్వాత సర్వే చేశారు, ఏం తేలింది. దాన్ని నిలువుగా చదవండి. జవాబులన్నీ ఒకటే అయిన ప్రశ్నకు ఒక్క వాక్యం చాలు. జవాబులు వేరైన ప్రశ్నకు పేరా కావాలి. ఇలా రాస్తే ఆరు పేజీలు నాలుగుకు దిగుతాయి, రిఫరెన్సులు మాత్రం ఆరూ ఉంటాయి.

అపోహ: కలపడమంటే వాక్యం చివర బ్రాకెట్లో ఆరు పేర్లు పెట్టడమే.

వాస్తవం: నిజమైన ప్రమాదం ఇక్కడే ఉంది. ‘రుణాల వల్ల ఆదాయం పెరగలేదు’ అని రాసి ఆరు పేర్లూ చేరిస్తే మొరాకో కథ మాయమవుతుంది. అక్కడ సొంత సేద్యం, పశువుల మీద లాభం పెరిగింది, కూలి ఆదాయం తగ్గింది, మొత్తంలో తేడా కనిపించలేదు. హైదరాబాద్‌లో 104 బస్తీల్లో సగానికి ముందుగా బ్రాంచి తెరిచారు. అప్పు తీసుకోనివాళ్లనూ కలిపి బస్తీని బస్తీతో పోల్చారు. బోస్నియాలో మామూలుగా అయితే తిరస్కరించే దరఖాస్తుదారుల్లోనే కొందరికి రుణం ఇచ్చి చూశారు. ఈ రెండు చోట్లా ‘ప్రభావం’ కొలిచింది ఒకే రకం మనుషుల మీద కాదు. అందుకే బ్రాకెట్లో ఒక్క పేరే ఉంచి ఆ వాక్యాన్ని చదవండి, ఒక్కొక్క పేరుతోనూ అలాగే. ఏ పేరు దగ్గర వాక్యం అబద్ధమో అసంపూర్ణమో అవుతుందో దానికి వేరే వాక్యం రాయాలి.

అపోహ: కలిపాక అన్నిటికీ సమానంగా చోటివ్వాలి.

వాస్తవం: మీ ప్రశ్నకు ఆధారమైనది విడిగా, పూర్తిగా ఉండాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010 మైక్రోఫైనాన్స్ ఆర్డినెన్స్ తర్వాతి రుణాల గురించి రాసేవారు హైదరాబాద్ అధ్యయనానికి పేజీ నిండా చోటివ్వాలి. దాని మొదటి ఫలితాల సర్వే 2007–08 నాటిదనీ, ఆర్డినెన్స్ తర్వాతి పరిస్థితిని అది చెప్పలేదనీ ఆ పేజీలోనే రాయాలి.