గులాబి రంగు ఎక్కడ నిలవాలి?

తరగతి గదిలో తెర మీద ఒక గ్రాఫు ఉంది. అడ్డంగా బ్యూరెట్ నుంచి పోసిన సోడియం హైడ్రాక్సైడ్ మిల్లీలీటర్లు, నిలువుగా pH. గీత మొదట కాస్త లేచి, చాలా దూరం నెమ్మదిగా సాగి, ఒకచోట గోడ ఎక్కినట్టు నిటారుగా పైకి పోతుంది. ఆ గోడ మధ్యలో ఒక చుక్క, పక్కన ‘తుల్య బిందువు’ అని రాసి ఉంది. ఆ చుక్క దగ్గర pH 8.7. ఆమ్లం, క్షారం సరిసమానమైతే 7 రావాలి కదా అని పిల్లలు అడిగేది ఇక్కడే. అడగవలసిన ప్రశ్నే అది.

శంకుకుప్పెలో ఉన్నది 25 మి.లీ. ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్‌కు పులుపునిచ్చేది. దాని గాఢత 0.1 మోలార్, క్షారానిదీ అంతే. మొదట pH 2.9. ఇది బలహీన ఆమ్లం కాబట్టి వందలో ఒకటి రెండు అణువులే విడిపోయి ఉంటాయి. క్షారం పోసేకొద్దీ ఆమ్లం ఎసిటేట్‌గా మారుతుంది. 12.5 మి.లీ. పోసేసరికి సగం ఆమ్లం, సగం ఎసిటేట్, pH 4.76. ఆమ్లం, ఎసిటేట్ రెండూ దండిగా ఉన్నంతసేపు కొత్తగా పడిన క్షారాన్ని ఆమ్లం పట్టేస్తుంది. అందుకే అక్కడ గీత అంత చదునుగా ఉంటుంది.

24.9 మి.లీ. దగ్గర pH సుమారు 7.2. 25.1 దగ్గర 10.3. ఈ తేడా అంతా నాలుగైదు చుక్కల్లోనే! సరిగ్గా 25 దగ్గర ఆమ్లమంతా అయిపోయి ఎసిటేట్ మిగులుతుంది. అది నీటి నుంచి కొద్దిగా హైడ్రోజన్ అయాన్లను లాక్కుంటుంది, హైడ్రాక్సైడ్ అయాన్లు మిగిలిపోతాయి. 8.7 వచ్చింది అందుకే. ‘తుల్యం’ అన్న మాట మోల్‌ల లెక్క గురించి, తటస్థత గురించి కాదు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం లాంటి బలమైన ఆమ్లమైతే ఆ చుక్క 7 దగ్గరే పడుతుంది.

మన కంటికి కనిపించేది మాత్రం సూచిక రంగు మారిన చోటు, అంటే అంత్య బిందువు. ఫినాల్ఫ్తలీన్ 8.2 నుంచి 10 లోపు గులాబి రంగుకు తిరుగుతుంది, అంటే గోడ మీదే. మిథైల్ ఆరెంజ్ వేస్తే 4.4 దగ్గరే పసుపు రంగుకు వచ్చేస్తుంది. అప్పటికి పోసిన క్షారం ఏడున్నర మి.లీ. చిల్లరే. అక్కడ ఆపితే ఆమ్లంలో మూడో వంతు కూడా లెక్కలోకి రాదు.

లేత గులాబి రంగు అర నిమిషం నిలిస్తే చాలు, రీడింగ్ రాసుకోండి. తర్వాత ఆ రంగు వెలిసిపోయినా ఇంకో చుక్క వేయకండి: అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్ చేసిన పని.