లెస్ వేసే ముందు

మున్సిపల్ కాంట్రాక్టర్లు నలుగురు కలిస్తే టెండర్ గురించి ముందుగా వినిపించే ప్రశ్న ‘లెస్ ఎంత వేస్తున్నావ్?’ అన్నదే. అంచనా విలువ కంటే ఎంత శాతం తగ్గించి కోట్ చేస్తున్నారన్నమాట. అయితే ఆన్‌లైన్‌లో ధర ఉన్న ప్రైస్ బిడ్ తెరవాలంటే ముందు టెక్నికల్ బిడ్ గట్టెక్కాలి. చాలామంది అక్కడే ఆగిపోతారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఓ పట్టణంలో వాననీటి కాంక్రీటు డ్రెయిన్ కట్టాలి. అంచనా విలువ 2 కోట్లు, గడువు 9 నెలలు. ఉమ్మడి రాష్ట్రంలో 2003లో వచ్చిన జీవో 94 బిడ్ కెపాసిటీకి ఒక లెక్క చెప్పింది. గత అయిదేళ్లలో ఏదో ఒక ఏడాది అత్యధికంగా చేసిన పని విలువను రెట్టింపు చేసి, గడువును ఏళ్లలోకి మార్చి గుణించాలి. ఆ కాలంలో పూర్తి చేయాల్సిన పాత పనుల విలువను అందులోంచి తీసేయాలి. మన కాంట్రాక్టర్ ఒక ఏడాదిలో గరిష్ఠంగా 3 కోట్ల పని చేశాడనుకుందాం. రెట్టింపు 6 కోట్లు. 9 నెలలంటే 0.75 ఏడాది కాబట్టి 4.5 కోట్లు. చేతిలో కోటిన్నర పని ఉంటే 3 కోట్లు మిగులుతుంది, అర్హత ఉన్నట్టే. కానీ పక్క మండలంలో ఒప్పుకున్న మరో 1.3 కోట్ల పనిని ‘ఇంకా మొదలు కాలేదు కదా’ అని చూపకపోతే? అదీ కలిపితే మిగిలేది 1.7 కోట్లే, అర్హత పోతుంది. దాచినట్టు తేలితే మాత్రం పోయేది ఈ ఒక్క టెండరే కాదు.

అనుభవ పత్రాల్లో ఇంకో చిక్కుంది. చాలా నోటీసులు అడిగేది ‘ఏదైనా ఒక ఆర్థిక సంవత్సరంలో’ చేసిన పని గురించి. కాంట్రాక్టర్ దగ్గరున్న సర్టిఫికెట్‌లో మాత్రం రెండేళ్ల పని మొత్తం ఒకే అంకెగా ఉంటుంది. ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్ దగ్గర ఏడాదివారీగా ఎన్ని ఘనపు మీటర్ల కాంక్రీటు, ఎంత మట్టి పని అని విడదీసి రాయించుకోవాలి. పై అధికారి కౌంటర్ సంతకం అడిగితే అదీ ఉండాలి. చివరి రోజున పరుగెత్తితే ఇది దొరకదు. సిబ్బంది విషయమూ అంతే. ఇంజినీరు బయోడేటా పెడితే సరిపోదు, ఇలాంటి డ్రెయిన్ పని మీద ఆయన ఏం చేశారో ఒక వాక్యమైనా ఉండాలి.

పని చేసే పద్ధతి రాయమన్నప్పుడు కంపెనీ గొప్పలు ఎవరూ చదవరు. సైటు చూసి వచ్చినవాడి రాత వేరుగా ఉంటుంది. డ్రెయిన్ పని నీళ్లు కలిసే దిగువ చివర నుంచి పైకి రావాలి. మధ్యలో మొదలుపెడితే వానొచ్చినప్పుడు తవ్విన గుంతలో నీళ్లు నిలుస్తాయి. పాత మంచినీటి పైపులు ఎక్కడ అడ్డొస్తాయి, ఇళ్ల ముందు రాకపోకలకు ఏం వేస్తారు, తవ్విన మట్టిని ఎక్కడ పోస్తారు, క్యూరింగ్‌కు ఎన్ని రోజులు? ఐఎస్ 456 ప్రకారం మామూలు ఓపీసీ సిమెంటుకైనా కనీసం 7 రోజులు తడపాలి. ఆ రోజులు లేని వర్క్ ప్రోగ్రామ్‌ను ఇంజినీరు ఒక్క చూపులో పట్టేస్తాడు.

ఇక ధర. పర్సంటేజ్ టెండర్‌లో ఐటమ్‌వారీ రేట్లు ఉండవు, తెరమీద ఒక్క గడిలో శాతం కొడతారు. ‘ఇసుక ధర పెరిగితే అదనంగా ఇవ్వాలి’ అంటూ షరతు పెడితే బిడ్ తిరస్కరణకు గురవుతుంది. మరి ఊహలు ఎక్కడ రాసుకోవాలి? తన సొంత రేట్ అనాలిసిస్ కాగితం మీద. అంచనాలో మట్టి తరలింపు 5 కిలోమీటర్లని ఉండి, డంపింగ్ స్థలం 11 కిలోమీటర్ల దూరంలో ఉంటే ఆ తేడా ఎవరు భరించాలి? ఊట నీటిని తోడడానికి విడిగా ఐటమ్ ఉందా? జీఎస్టీ అంచనా విలువలో కలిసిందా, బిల్లులో విడిగా ఇస్తారా? ఇవి తేలకుండా వేసే లెస్ గుడ్డిలెక్కే.

28 శాతం లెస్ వేస్తే ధర 1.44 కోట్లు. జీవో 94 ప్రకారం 25 శాతం దాటిన లెస్‌కు అదనపు డిపాజిట్ కట్టాలి. 2 కోట్లలో 75 శాతం 1.5 కోట్లు కనుక, ఇక్కడ 6 లక్షలు. ఒప్పందం నాటికి ఆ సొమ్ము సిద్ధం చేసుకోవాలి, దాని వడ్డీ భారమూ లెక్కలోకి రావాలి. ఆ తర్వాత జీవోలు మారుతూ వచ్చాయి కాబట్టి చేతిలో ఉన్న నోటీసులో ఏముందో అదే ప్రమాణం.

ప్రైస్ బిడ్‌లో రాయలేని ప్రశ్నలకు చోటు ప్రీబిడ్ గడువులోపే. మట్టి దూరం గురించి లిఖితపూర్వకంగా అడిగితే, కార్యాలయం సవరణ ఇస్తే అది పోటీదారులందరికీ వర్తిస్తుంది. అందుకే టెండర్ వేయదలచినవాళ్లు నోటీసు డౌన్‌లోడ్ చేసిన రోజే ప్రశ్నల ఆఖరు తేదీ చూసుకుని, ఆ లోపు ఒకసారి సైటు నడిచి రావాలి.