కమీషన్ ఉన్న లింకు, నమ్మదగిన రివ్యూ

యూట్యూబ్‌లో మిక్సీ రివ్యూ చూసి, వీడియో కింద ఇచ్చిన లింకు నొక్కి కొనేవాళ్లు చాలామంది. ఆ లింకులో రివ్యూ చేసినవారి గుర్తింపు కోడ్ ఉండవచ్చు. అమెజాన్ లింకుల్లో tag= తర్వాత కనిపించేది అదే. amzn.to వంటి పొట్టి లింకుల్లో మాత్రం అది పైకి కనిపించదు. ఆ కోడ్‌ను బట్టి అమ్మకం ఎవరివల్ల జరిగిందో గుర్తించి, వారికి సంస్థ కమీషన్ ఇస్తుంది. వీటినే అఫిలియేట్ లింకులు అంటారు.

కమీషన్ 5 శాతం అనుకుంటే, 4,000 రూపాయల మిక్సీ మీద రివ్యూ చేసినవారికి 200 రూపాయలు వస్తాయి. ఆ డబ్బు సంస్థ ఇచ్చేదే కాబట్టి కొనేవారి బిల్లు మామూలుగా పెరగదు. ఇందులో తప్పేమీ లేదు. చిక్కల్లా, 8,000 రూపాయల మిక్సీ అంటగడితే 400 వస్తాయి, ‘ఇది కొనొద్దు’ అని చెబితే పైసా కూడా రాదు. అందుకే ఆ లాభం సంగతి చూసేవారికి ముందే తెలియాలి.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాలు చెప్పేదీ ఇదే. డబ్బే కాదు, ఉచితంగా వచ్చిన వస్తువులు, డిస్కౌంట్లు, బంధుత్వం కూడా వెల్లడించాల్సినవే. ఆ మాట హ్యాష్‌ట్యాగుల గుంపులోనో, లింకుల మధ్యలోనో దాచకూడదు. వీడియోలో అయితే తెరమీద చూపించాలి, నోటితోనూ చెప్పాలి. రివ్యూ ఏ భాషలో ఉంటే ప్రకటన కూడా ఆ భాషలోనే ఉండాలి. తెలుగులో దీనికి రెండు ముక్కలు చాలు: “ఈ లింకు ద్వారా కొంటే మాకు కమీషన్ వస్తుంది. ఈ మిక్సీ మేం సొంత డబ్బుతో కొన్నాం.” కంపెనీ ఉచితంగా పంపి ఉంటే ఆ మాటే చెప్పాలి. తప్పుదోవ పట్టించే ప్రచారం చేసినవారికి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా పడవచ్చు.

కమీషన్ సంగతి చెప్పినంత మాత్రాన రివ్యూ మంచిదైపోదు. అట్టపెట్టె మీద ఉన్న వాట్లు, వారంటీ చదివి వినిపించడం రివ్యూ కాదు. నానబెట్టిన పావుకిలో మినప్పప్పు రుబ్బడానికి ఎన్ని నిమిషాలు పట్టింది, పిండి వేడెక్కిందా, ఎండుమిర్చి ఎంత మెత్తగా నలిగింది, జార్ మూత దగ్గర కారిందా అన్నవి చేసి చూపించాలి. ఎన్నాళ్లు వాడి చెబుతున్నారో కూడా చెప్పాలి. వారం వాడినవారు మోటారు ఎన్నేళ్లు మన్నుతుందో చెప్పలేరు. రోజూ ఇడ్లీపిండి రుబ్బుకునే పెద్ద కుటుంబానికి మిక్సీ కన్నా వెట్ గ్రైండరే నయమనిపిస్తే, కమీషన్ పోయినా ఆ మాట దాచకూడదు.

రివ్యూ చూసేవారు కొనేముందు రెండు విషయాలు గమనిస్తే మంచిది: వస్తువు ఎలా వచ్చిందో చెప్పారా? ఎవరికి పనికిరాదో చెప్పారా? ఈ రెండూ లేని రివ్యూను ప్రకటనగానే లెక్కవేయాలి.