పసిడి ఒకటే.. ధర రెండు!
* పుట్టుక తెలిపే పత్రానికే అదనపు సొమ్ము
* హాల్‌మార్కు చెప్పేది స్వచ్ఛత మాత్రమే

ప్రొద్దుటూరు, నరసాపురం వంటి పసిడి కేంద్రాల్లో పాత గాజులు తెచ్చి కొత్త నగ అడిగే వారికి ఒక విషయం అనుభవమే. పాత బంగారాన్ని కరిగించి, టంకం, తరుగు కింద కొంత కోసి, మిగిలిన మేలిమికే వర్తకుడు విలువ కడతాడు. పాతదంటే తగ్గింపు అనేదే ఇక్కడి లెక్క. ఐరోపా, అమెరికా విపణుల్లో మాత్రం ‘పునర్వినియోగ బంగారం’, ‘బాధ్యతాయుత బంగారం’ అని ముద్ర ఉన్న ఉంగరం మామూలు ఉంగరం కంటే ఖరీదు పలకడం కద్దు. లోహంలో మాత్రం తేడా లేదు. శుద్ధి చేసిన తర్వాత గని నుంచి వచ్చిన బంగారాన్ని, పాత నగ నుంచి తీసిన బంగారాన్ని రసాయన పరీక్షతో వేరు చేయడం సాధ్యం కాదు. కొనుగోలుదారు అదనంగా చెల్లించేది లోహానికి కాదు, దాని వెంట వచ్చే చరిత్రకు.

హాల్‌మార్కు పరిధి ఎంత?

మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ సంఖ్య లేకుండా హాల్‌మార్కు నగలు అమ్మరాదు. నగపై బీఐఎస్ చిహ్నం, 22కె916 వంటి స్వచ్ఛత గుర్తు, ఈ సంఖ్య ఉంటాయి. ఏ నగను ఏ కేంద్రంలో పరీక్షించారో వీటి ద్వారా తెలుస్తుంది. అయితే ఆ బంగారం ఏ దేశపు గనిలో పుట్టింది, అక్కడ బాలలు పనిచేశారా, పాదరసం వాగుల్లో కలిసిందా అన్న ప్రశ్నలకు హాల్‌మార్కులో సమాధానం దొరకదు. ఆ బాధ్యత వేరే ధ్రువీకరణలది.

పెరూ కార్మికుల లెక్క

అదనపు ధర ఎక్కడికి చేరుతుందో స్పష్టంగా కనిపించేది చిన్న గనుల బంగారంలోనే. పెరూలోని అయకూచో ప్రాంతపు ఎడారి కొండల్లో శాంటా ఫిలొమెనా అనే గని గ్రామం ఉంది. అక్కడి కార్మికులే వాటాదారులుగా నడిపే సంస్థ పేరు సోట్రామి. ఫెయిర్‌ట్రేడ్ ధ్రువీకరణ పొందిన తొలితరం గని సంఘాల్లో ఇది ఒకటి. సాధారణంగా చిన్న గని కార్మికుడు దళారికి అమ్మేటప్పుడు ప్రపంచ ధరలో కొంత భాగం కోల్పోతాడు. ఫెయిర్‌ట్రేడ్ నిబంధన ప్రకారం లండన్ ధరలో కనీసం 95 శాతం సంఘానికి చెల్లించాలి. దానిపై కిలోకు 2,000 డాలర్ల ప్రీమియం ఇవ్వాలి. ఈ సొమ్మును ఎలా ఖర్చు చేయాలో సంఘమే నిర్ణయిస్తుంది.

ఇదే తరహాలో నడిచే ఫెయిర్‌మైన్డ్ ధ్రువీకరణలో ప్రీమియం కిలోకు 4,000 డాలర్లు. పాదరసం, సయనైడు వాడకుండా తీసిన ‘ఎకలాజికల్’ బంగారానికి 6,000 డాలర్లు.

పది గ్రాముల 18 క్యారెట్ల ఉంగరాన్ని తీసుకుంటే అందులో మేలిమి ఏడున్నర గ్రాములు. ఫెయిర్‌ట్రేడ్ అయితే కార్మికులకు చేరే అదనపు సొమ్ము 15 డాలర్లు. ఫెయిర్‌మైన్డ్ అయితే 30, ఎకలాజికల్ అయితే 45 డాలర్లు. గ్రాము బంగారం 40 డాలర్లున్న రోజుల్లో ఫెయిర్‌మైన్డ్ ప్రీమియం లోహ విలువలో పది శాతం. గ్రాము 100 డాలర్లకు చేరితే అదే ప్రీమియం నాలుగు శాతమే. ప్రీమియం శాతంగా కాక స్థిరమైన మొత్తంగా ఉండటమే ఇందుకు కారణం.

దుకాణంలో మాత్రం తేడా ఇంతకంటే ఎక్కువే ఉండవచ్చు. కొద్ది కిలోల సరుకును ఇతర బంగారంతో కలవకుండా వేరుగా కరిగించాలి. మూసలు, కొలిమి శుభ్రం చేయాలి, లెక్కలు విడిగా రాయాలి, తనిఖీదారుల రుసుము భరించాలి. పెద్ద శుద్ధి కర్మాగారానికి చిన్న సరుకు గిట్టుబాటు కాదు కనుక ఆ ఖర్చు గ్రాముపై పడుతుంది.

ధ్రువీకరణ ఎలా సాగుతుంది?

పెద్ద శుద్ధి కర్మాగారాలకు పునాది ఓఈసీడీ మార్గదర్శకాలు. బంగారానికి సంబంధించిన అనుబంధం 2012లో వచ్చింది. సరఫరాదారులను తెలుసుకునే వ్యవస్థ ఏర్పరచడం, ప్రమాదాలను గుర్తించడం, వాటికి తగిన చర్య తీసుకోవడం, బయటి సంస్థతో తనిఖీ చేయించడం, ఏటా వివరాలు వెల్లడించడం.. ఈ ఐదు మెట్లు అందులో ఉన్నాయి. లండన్ బులియన్ మార్కెట్ సంఘం తన ‘గుడ్ డెలివరీ’ జాబితాలోని బంగారు శుద్ధి కర్మాగారాలకు వీటిని తప్పనిసరి చేసింది. అది ఆ విపణిలో ప్రవేశానికి షరతు మాత్రమే కనుక ఈ కడ్డీలకు సాధారణంగా ప్రత్యేక ప్రీమియం ఉండదు.

నగల పరిశ్రమలో రెస్పాన్సిబుల్ జువెలరీ కౌన్సిల్ (ఆర్‌జేసీ) రెండు వేర్వేరు ధ్రువీకరణలు ఇస్తుంది. మొదటిది సంస్థ ప్రవర్తనకు. రెండోది ‘చెయిన్ ఆఫ్ కస్టడీ’ పేరిట లోహానికి. రెండో దానిలో బంగారం చేతులు మారిన ప్రతిసారీ బరువు, స్వచ్ఛత, మూలం రాసిన బదిలీ పత్రం వెంట రావాలి. కొనేవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ‘ధ్రువీకృత సభ్య సంస్థ’ అన్న పలక చూసి నగలోని బంగారం కూడా ధ్రువీకృతమేనని భావిస్తారు. అది నిజం కానవసరం లేదు.

పాత బంగారంలో కొత్త మోసం

పునర్వినియోగ బంగారానికి ఉన్న బలహీనత వేరు. పాత నగ మొదట ఏ గని నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు. అందుకే అది కరిగించేందుకు తిరిగి వచ్చిన చోటునే దాని మూలంగా లెక్కిస్తారు. ఈ వెసులుబాటును అక్రమ గనుల వర్తకులు వాడుకునే అవకాశం ఉంది. గని బంగారాన్ని మోటు గాజుల్లా పోతపోసి ‘పాత నగలు’గా నమోదు చేస్తే దాని గతం చెరిగిపోతుంది.

అనుభవమున్న పరీక్షకుడు దీన్ని శుద్ధికి ముందే పసిగట్టగలడు. నిజమైన పాత నగల్లో రాగి, వెండి, జింకు, టంకపు లోహాలు కలసి ఉంటాయి. గని ముద్దలో వెండితో పాటు పాదరసం, సీసం, ఇనుము జాడలు కనిపిస్తాయి. నగల వాడకం అంతగా లేని ఊరి నుంచి టన్నులకొద్దీ పాత సరుకు వస్తున్నా అనుమానించాల్సిందే. శుద్ధి పూర్తయ్యాక ఈ ఆధారాలు మిగలవు.

మరో వాదన కూడా ఉంది. బంగారాన్ని ఎవరూ చెత్తలో పారవేయరు. ధర పెరిగినప్పుడు అమ్ముతారు, కరిగిస్తారు. ఏటా ప్రపంచ సరఫరాలో సుమారు నాలుగో వంతు ఇలా తిరిగి వచ్చేదే. ఒక దుకాణం పాత బంగారమే కొన్నంత మాత్రాన గనుల తవ్వకం తగ్గదని, కార్మికుడికి దమ్మిడీ అదనంగా అందదని విమర్శకుల మాట. అందువల్ల పునర్వినియోగ ముద్రకు చెల్లించేది ప్రధానంగా పత్రాలు, విడి నిల్వ, తనిఖీల ఖర్చే.

అడగాల్సినవి

అదనంగా చెల్లించే ముందు కొనుగోలుదారు మూడు సంగతులు తేల్చుకోవాలి. ధ్రువీకరణ దుకాణానికా, లోహానికా? ఆ బంగారాన్ని మొదటి నుంచీ విడిగా ఉంచారా, లేక ఇతర సరుకుతో కలిపి లెక్కల్లో మాత్రమే పరిమాణం సరిచూపారా? పునర్వినియోగమైతే అది వాడిన నగలదా, కర్మాగారపు రజనుదా? వీటికి బిల్లుపైనో, బదిలీ పత్రంలోనో రాతపూర్వక జవాబు ఉంటే ప్రీమియానికి అర్థం ఉంటుంది. లేకుంటే చెల్లించింది మాటకే.