నెట్ సెంటర్‌లో తెరిచిన మెయిల్‌ను ఫోన్ నుంచి మూసే పద్ధతి

జీమెయిల్‌కు పాస్‌వర్డ్ ఇచ్చి లోపలికి వెళ్లగానే గూగుల్ సర్వర్ ఆ కంప్యూటర్‌లోని బ్రౌజర్‌కు ఒక గుర్తింపు చీటీ లాంటిది ఇస్తుంది. దాన్ని కుకీ అంటారు. ఆ తర్వాత ఏ మెయిల్ తెరిచినా బ్రౌజర్ ఆ చీటీనే చూపిస్తుంది. అందుకే పాస్‌వర్డ్ మళ్లీ మళ్లీ అడగరు. చీటీ చెల్లినంత కాలం సాగే ఈ ప్రవేశమే సెషన్. విండో మూసేసినా, కంప్యూటర్ కట్టేసినా చీటీ సాధారణంగా ఆ యంత్రంలోనే ఉంటుంది. అదే కుర్చీలో తర్వాత కూర్చున్న మనిషి జీమెయిల్ అని కొడితే చాలు, ముందు వచ్చినవాళ్ల ఇన్‌బాక్స్ తెరుచుకుంటుంది.

చీటీ చెల్లుతుందో లేదో తేల్చేది మాత్రం సర్వర్. ఆ కంప్యూటర్ దగ్గరికి మళ్లీ వెళ్లకుండానే దాన్ని రద్దు చేయగలగడానికి కారణం ఇదే.

సిద్దిపేటలో ఒక డిగ్రీ విద్యార్థిని పరీక్ష హాల్ టికెట్ ప్రింట్ తీసుకోవడానికి బస్టాండ్ దగ్గరి నెట్ సెంటర్‌కు వెళ్లిందనుకుందాం. ఉదయం 10:40కి మెయిల్ తెరిచింది, పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసింది, రెండు కాపీలు తీయించుకుంది. వెనక ఇద్దరు ఎదురుచూస్తుంటే కంగారులో పైనున్న ఇంటూ గుర్తు నొక్కి లేచింది. బస్సెక్కాక గానీ సైన్ అవుట్ చేయలేదన్న సంగతి తట్టలేదు. చేతిలో అదే ఖాతా ఉన్న ఫోన్ ఉంది.

ఫోన్‌లో జీమెయిల్ యాప్ తెరిచి, పైన కుడివైపున్న ప్రొఫైల్ బొమ్మ నొక్కితే గూగుల్ ఖాతా పేజీకి దారి కనిపిస్తుంది. అక్కడ Security విభాగంలో Your devices అనే చోటు, దాని కింద Manage all devices ఉంటాయి. ఈ పేర్లు అప్పుడప్పుడు కాస్త మారుతుంటాయి. దారి దొరక్కపోతే బ్రౌజర్‌లో ఈ చిరునామా కొడితే నేరుగా ఆ జాబితాకే వెళ్లవచ్చు:

```
myaccount.google.com/device-activity
```

ఖాతా ప్రస్తుతం తెరిచి ఉన్న పరికరాలతో పాటు గత 28 రోజుల్లో వాడినవి కూడా ఇందులో కనిపిస్తాయి. ఆ విద్యార్థిని జాబితాలో మొదట ఆమె ఫోన్ ఉంటుంది, అది వాడుతున్న పరికరమేనన్న గుర్తుతో. దాని కింద Windows అని మరొకటి. ఆమె ఇంట్లో కంప్యూటర్ లేదు కాబట్టి అది నెట్ సెంటర్‌దే. దాన్ని నొక్కితే ఏ బ్రౌజర్ వాడారో, సుమారుగా ఏ ఊరో, ఎప్పుడు వాడారో తెలుస్తుంది.

చాలామంది బెంబేలెత్తేది ఇక్కడే. వెళ్లింది సిద్దిపేట నెట్ సెంటర్‌కైతే జాబితాలో హైదరాబాద్ అని ఉండవచ్చు. ఊరి పేరును ఇంటర్నెట్ చిరునామాను బట్టి అంచనా వేస్తారు. ఆ చిరునామా ఇంటర్నెట్ కంపెనీ నగర కార్యాలయం పేరున ఉంటే అంచనా కూడా అక్కడే పడుతుంది. ఊరు తేడాగా ఉన్నంత మాత్రాన ఎవరో చొరబడ్డారని అనుకోనక్కర్లేదు. ఒకే పరికరం రెండు మూడు సెషన్లుగా కనిపించడమూ మామూలే. నమ్మదగిన ఆధారం సమయం. 10:40కి మొదలై తాను లేచిన 11:10 దగ్గర ఆగితే ఆ తర్వాత ఎవరూ ముట్టుకోలేదని అనుకోవడానికి వీలుంది. మధ్యాహ్నం రెండున్నరకు కూడా వాడినట్టు కనిపిస్తే మాత్రం అనుమానించాల్సిందే. అయితే తెరిచి వదిలేసిన పేజీ కొత్త మెయిళ్ల కోసం తనంతట తానే సర్వర్‌ను అడుగుతూ ఉండవచ్చు గనుక అదొక్కటే చొరబాటుకు రుజువు కాదు.

ఆ పరికరం పేజీలోనే Sign out ఉంటుంది. అది నొక్కి, మళ్లీ అడిగినప్పుడు సరేనంటే చీటీ రద్దవుతుంది. నెట్ సెంటర్ తెరమీద అప్పటికే తెరిచి ఉన్న మెయిల్ కాసేపు అలాగే కనిపించవచ్చు. ఇంకో మెయిల్ తెరవబోతే మాత్రం పాస్‌వర్డ్ అడుగుతుంది. ఒకే కంప్యూటర్‌కు రెండు సెషన్లు కనిపిస్తే రెండింటినీ విడివిడిగా మూయాలి.

కంప్యూటర్‌లో జీమెయిల్ వాడేవారికి మరో దారి ఉంది. ఇన్‌బాక్స్ అడుగున కుడివైపు Details అని చిన్న అక్షరాల్లో కనిపించే లింకు అది. దాన్ని నొక్కితే ఇటీవల ఖాతాను బ్రౌజర్‌లో తెరిచారా, ఫోన్‌లోనా, వేరే మెయిల్ ప్రోగ్రాంతోనా అన్నది ఇంటర్నెట్ చిరునామాతో సహా వస్తుంది. వాడుతున్నది కాక వేరే బ్రౌజర్ సెషన్లను ఒక్క నొక్కుతో మూసే బటన్ కూడా అక్కడే ఉంటుంది. ఏది ఎవరిదో తేలనప్పుడు ఇదే సులువు.

సైన్ అవుట్‌తో అన్నీ సర్దుకోవు. లోపలికి వెళ్లేటప్పుడు పాస్‌వర్డ్ దాచుకోమంటారా అని బ్రౌజర్ అడుగుతుంది, తొందరలో చాలామంది సరేనంటారు. అలా దాచిన పాస్‌వర్డ్ ఆ కంప్యూటర్‌లోనే ఉంటుంది. చీటీ రద్దయినా దానితో కొత్త చీటీ తెచ్చుకోవచ్చు. ఏం నొక్కామో గుర్తులేకపోతే దాచినట్టే లెక్కవేసుకుని సొంత ఫోన్ నుంచి పాస్‌వర్డ్ మార్చడం మంచిది. మార్చాక చాలా చోట్ల ఖాతా దానంతట అదే మూతపడుతుంది. అయితే గుర్తింపు నిర్ధారణకు వాడే పరికరాలు, అనుమతి పొందిన కొన్ని యాప్‌లు మిగిలిపోతాయి. అందుకే మార్చాక జాబితాను ఇంకోసారి చూడాలి. రెండంచెల భద్రత ఉన్నవారు ఆ కంప్యూటర్‌లో మళ్లీ అడగవద్దనే గడిలో టిక్ వదిలేసి ఉంటే, నమ్మకమైన పరికరాలన్నింటినీ రద్దు చేసే ఏర్పాటు ఆ భద్రత సెట్టింగుల్లోనే ఉంటుంది.

అనుమానాస్పద సమయం కనిపించినవారు జీమెయిల్ సెట్టింగుల్లో ఫార్వర్డింగ్, ఫిల్టర్ల పేజీలు కూడా తెరిచి చూడాలి. ఇవి కంప్యూటర్ బ్రౌజర్‌లోనే పూర్తిగా కనిపిస్తాయి. వచ్చే ప్రతి మెయిల్ తనకూ చేరేలా ఒకసారి చిరునామా పెట్టిన మనిషికి ఆ తర్వాత సెషన్‌తో గానీ పాస్‌వర్డ్‌తో గానీ పని లేదు. మార్చిన పాస్‌వర్డ్ ఆ ఏర్పాటును తీసేయదు. తెలియని చిరునామా ఉంటే చేత్తో తొలగించాలి. ఖాతా తిరిగి పొందడానికి ఇచ్చిన ఫోన్ నంబరు, మెయిల్ తమవేనా అన్నదీ అప్పుడే చూసుకోవాలి.

ఇన్ని చేసినా ఫోన్ నుంచి అందనిది ఒకటుంది. ఆ విద్యార్థిని డౌన్‌లోడ్ చేసిన హాల్ టికెట్ నెట్ సెంటర్ కంప్యూటర్‌లోని Downloads ఫోల్డర్‌లో ఉంటుంది. దానిమీద ఫొటో, పుట్టిన తేదీ, సంతకం ఉంటాయి. ఫైలు యంత్రంలోకి దిగాక దానిమీద గూగుల్ సర్వర్‌కు ఏ అధికారమూ లేదు. దానికి మిగిలిన దారి సెంటర్ నడిపే మనిషిని అడగడమే. 2011 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం సైబర్ కెఫేలు ఎవరు, ఏ కంప్యూటర్ దగ్గర, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు కూర్చున్నారో రిజిస్టర్‌లో రాయాలి. రాసి ఉంటే కంప్యూటర్ నంబరు వెంటనే దొరుకుతుంది. లేకపోతే కూర్చున్న చోటు, సమయం, ఫైలు పేరు ఫోన్‌లో చెబితే వెతకడం తేలికవుతుంది. ఫోల్డర్‌లో తీసేయించిన తర్వాత రీసైకిల్ బిన్‌లోంచి కూడా తీయమని చెప్పాలి.