ఒకే అధ్యయనం, అనేక పత్రాలు: గుర్తించడం ఎలా?

శస్త్రచికిత్స తర్వాత వచ్చే వాంతులను ఆపడానికి ఆన్‌డాన్‌సెట్రాన్ అనే మందు ఇస్తారు. అది ఎంత బాగా పనిచేస్తుందో తేల్చేందుకు మార్టిన్ ట్రామెర్, ఆయన సహచరులు ప్రచురితమైన ప్రయోగాల ఫలితాలన్నీ సేకరించారు. చూస్తే, 9 ప్రయోగాల సమాచారమే మరో 14 పత్రాల్లో మళ్లీ కనిపించింది. ‘ఇది ముందే ప్రచురించాం’ అని ఏ పత్రమూ స్పష్టంగా చెప్పలేదు. ఈ విషయాన్ని వారు 1997లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెల్లడించారు.

దీనివల్ల నష్టం ఏమిటి? ఇంజెక్షన్‌గా ఇచ్చే 4 మిల్లీగ్రాముల మోతాదునే తీసుకుందాం. దీనిపై అసలైన పత్రాలు 19. వాటి ప్రకారం ఒక్కరికి వాంతి కాకుండా ఆపాలంటే సగటున 6.4 మందికి మందు ఇవ్వాలి. నకళ్లు ఆరింటిని కూడా కలిపి లెక్కిస్తే ఆ సంఖ్య 4.9కి తగ్గింది. అంటే మందు ఉన్నదానికన్నా మెరుగ్గా కనిపించింది. మంచి ఫలితాలు వచ్చిన ప్రయోగాలే ఎక్కువగా మళ్లీ ప్రచురితం కావడం ఇందుకు కారణం.

ఒకే ఫలితాన్ని మళ్లీ అచ్చు వేయడం నకలు ప్రచురణ. ఒకే అధ్యయనాన్ని ముక్కలు చేసి పంచడాన్ని ‘సలామీ స్లైసింగ్’ అంటారు. సలామీ అనే మాంసపు ముద్దను పలుచని బిళ్లలుగా కోస్తారు కాబట్టి ఆ పేరు వచ్చింది. ఉదాహరణకు, 240 మంది మధుమేహ రోగులకు మూడు నెలలు విటమిన్ డి ఇచ్చారనుకుందాం. ఒక పత్రంలో చక్కెర స్థాయి, రెండోదానిలో రక్తపోటు, మూడోదానిలో కొలెస్ట్రాల్ గురించి రాస్తే, చదివేవారు మొత్తం 720 మందిని పరీక్షించారని పొరబడతారు.

వాక్యాలు మార్చి రాస్తే పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్‌కు ఇది చిక్కకపోవచ్చు. అందుకే ముందుగా రోగులను ఏ ఆసుపత్రిలో, ఏ తేదీల మధ్య చేర్చుకున్నారో చూడాలి. తర్వాత చికిత్సకు ముందరి వివరాల పట్టికలను పక్కపక్కన పెట్టాలి. రెండింటిలోనూ 240 మందే, మహిళలు 132 మందే, సగటు వయసు 51.3 ఏళ్లే అయితే, వారు వేర్వేరు మనుషులు కావడం దాదాపు అసాధ్యం. చివరిగా ప్రయోగం నమోదు సంఖ్యను పోల్చాలి. మన దేశంలో ఇది CTRI అనే అక్షరాలతో మొదలవుతుంది. రెండు పత్రాల్లో ఒకే సంఖ్య ఉంటే ప్రయోగం ఒక్కటే.

అయితే ఒకే సమాచారం నుంచి ఎన్నో పత్రాలు రావడం ప్రతిసారీ తప్పు కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వంటి పెద్ద సర్వేల ఆధారంగా ఎందరో వేర్వేరు ప్రశ్నలకు జవాబులు వెతుకుతారు. సమాచారం ఎక్కడిదో అందులో దాచరు. కాబట్టి రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ఈ పత్రం అడిగే ప్రశ్న నిజంగా వేరా? ముందు వచ్చిన పత్రాన్ని ఇందులో ప్రస్తావించారా? రెండింటికీ ‘లేదు’ అన్నదే జవాబైతే, లెక్కలో ఆ అధ్యయనాన్ని ఒక్కసారే చేర్చాలి.