రద్దు నొక్కాక చూడాల్సిన తేదీ

ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ కూడా పోతుందని చాలామంది నమ్ముతారు. పోదు. డబ్బు కోసే ఏర్పాటు ఖాతాలో ఉంటుంది, యాప్‌లో కాదు.

రద్దు బటన్ నొక్కినవాళ్లూ దెబ్బతింటుంటారు, ఎందుకంటే కొన్ని చోట్ల ఒక్క నొక్కుతో పని అయిపోదు. 2023 జూన్‌లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అమెజాన్ మీద వేసిన దావాలో ఇదే ఫిర్యాదు. ప్రైమ్ వదులుకోవాలంటే నాలుగు పేజీలు, ఆరు క్లిక్కులు దాటాలని, కంపెనీలోనే ఆ దారిని ‘ఇలియడ్’ అని పిలుచుకునేవారని కమిషన్ చెప్పింది. 2025 సెప్టెంబరులో అమెజాన్ 250 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. అలాంటి దారిలో మూడో పేజీలోనే ఆగి, పని అయిందనుకుని వెళ్లిపోవడం ఎవరికైనా జరిగేదే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. గూగుల్ ప్లే ద్వారా తీసుకున్న పాటల యాప్‌కు నెలకు 149 రూపాయలు యూపీఐ ఆటోపేతో కడుతున్నారు. ప్రతి నెలా 28న డబ్బు పోతుంది. మార్చి 14న రద్దు చేశారు. పాటలు మాత్రం ఇంకా వస్తున్నాయి. కంగారు పడనక్కర్లేదు, కట్టిన నెల పూర్తయ్యేదాకా అవి సాధారణంగా వస్తూనే ఉంటాయి.

చూడాల్సింది ప్లే స్టోర్‌లో. ప్రొఫైల్ బొమ్మ నొక్కి Payments & subscriptions, అందులో Subscriptions తెరవాలి. ఆ యాప్ దగ్గర 28న రద్దవుతుందని ఉంటే సరే. తర్వాతి చెల్లింపు తేదీ ఇంకా కనిపిస్తుంటే రద్దు కానట్టే. ఐఫోన్‌లో అయితే Renews, Expires అనే మాటల్లో ఏది ఉందో చూడాలి. మొదటిది ఉంటే చెల్లింపు కొనసాగుతుంది, రెండోది ఉంటే ఆ తేదీతో ఆగిపోతుంది.

తర్వాత ఈమెయిల్. అది సబ్‌స్క్రిప్షన్ తీసుకున్న ఖాతా చిరునామాకే వస్తుంది. ఇంట్లో రెండు మూడు జీమెయిల్ ఖాతాలుంటే తప్పు పెట్టెలో వెతికి, రాలేదనుకునే ప్రమాదం ఉంది. ‘మీ అభ్యర్థన అందింది’ అంటే రద్దయినట్టు కాదు. రద్దయిందనీ, సేవ ఏ తేదీన ముగుస్తుందనీ అందులో ఉండాలి. ఆ తేదీ ఖాతా పేజీలోని తేదీతో కలవాలి. రెండింటినీ స్క్రీన్‌షాట్ తీసి దాచుకోవాలి.

యూపీఐ యాప్‌లో ఆటోపే ఆపేస్తే చాలదా? డబ్బు పోవడం ఆగుతుంది. కానీ కంపెనీ లెక్కలో సబ్‌స్క్రిప్షన్ బతికే ఉండి, బాకీ పడ్డట్టు కనిపించవచ్చు. అందుకే ముందు సేవను రద్దు చేసి, తర్వాత ఆటోపే సంగతి చూడడం మంచిది.

రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఇలాంటి చెల్లింపుకు కనీసం 24 గంటల ముందు కబురు రావాలి. 27న 149 రూపాయలు కోస్తామని సందేశం వస్తే రద్దు పని చేయలేదన్నమాట. ఆపడానికి అప్పటికీ వ్యవధి ఉంటుంది. సందేశం రాకపోయినా 29న బ్యాంకు స్టేట్‌మెంట్ ఒకసారి చూడాలి. డబ్బు పోయి ఉంటే దాచుకున్న ఈమెయిల్‌తో ముందు కంపెనీని అడగాలి. కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.